ప్యాకెట్ చేత్తో పట్టుకున్నట్టా, చేతికి అతికించినట్టా?

జయపురం కాఫీ: మాది కొరాపుట్ కాఫీ పొడి. 250 గ్రాముల పౌచ్, ముదురు గోధుమ రంగు, మెరుపు లేని రకం. డిజైన్ అయిపోయింది గానీ ప్రింటయి రావడానికి ఇంకో ఇరవై రోజులు పడుతుంది. ఈలోగా మా వదిన పౌచ్ పట్టుకున్న ఫోటో వాట్సాప్‌లో పెట్టి ఆర్డర్లు తీసుకోవాలని ఉంది. ఉత్త చేతి ఫోటో తీసి తర్వాత పౌచ్ అతికిస్తే చాలా, లేక చేతిలో ఏదైనా పెట్టే తియ్యాలా?

బరంపురం డిజైనర్: ఉత్త చెయ్యి చాలు. వెలుగు ఎటునుంచి వస్తుందో చూసుకుని, ఫోటోషాప్‌లో నీడ వేసే Drop Shadowలో కోణం అటే పెట్టండి. నీడ ఎటు పడాలో అటు పడితే ఎవరూ అనుమానించరు. ఒక్క చేతి ఫోటోతో పది డిజైన్లు చేసుకోవచ్చు, ప్రతిసారీ వదినగారిని నిలబెట్టక్కర్లేదు.

రాయగడ స్టూడియో: కోణం మాట నిజమే తమ్ముడూ, అది తప్పితే ఫోటో మొదటి చూపుకే దొరికిపోతుంది. కానీ కోణం ఒక్కటే సరిపోదు. రెండేళ్ల కిందట గుణుపురం నుంచి ఒకాయన అరకిలో పసుపు ప్యాకెట్ పని తెచ్చాడు. నేనూ నువ్వు చెప్పినట్టే చేశాను. ఉత్త చెయ్యి తీశాను, ప్యాకెట్ అతికించాను, నీడ వేశాను. ఆయన వాళ్ళమ్మకి చూపిస్తే, "ఇది పట్టుకోలేదురా, అంటించారు" అందట. ఆవిడకి ఫోటోషాప్ తెలీదు. కానీ జీవితమంతా ప్యాకెట్లు పట్టుకున్న మనిషి.

తర్వాత రెండు ఫోటోలూ పక్కపక్కన పెట్టి బొటనవేలు దగ్గర పెద్దది చేసి చూశాను. నిజంగా పట్టుకున్నప్పుడు వేలి మెత్త ప్యాకెట్ మీద చదునుగా నొక్కుకుంటుంది, గోరు కొసన రక్తం తగ్గి తెల్లబడుతుంది. ప్యాకెట్ అక్కడ లోపలికి దిగి, బొటనవేలి చుట్టూ చిన్న ముడతలు గీతల్లా విచ్చుకుంటాయి. ఉత్త చేతిలో ఇవేవీ ఉండవు. వేళ్ళు గుండ్రంగానే ఉంటాయి, మణికట్టుకి బరువు తెలీదు. ఆ చేతిలో ఏం పెట్టినా తేలుతున్నట్టే ఉంటుంది.

ఇక నీడ. వేలి కింద రెండు రకాలుంటాయి. వేలు తాకినచోటే సన్నని గీతలా, అన్నిటికంటే నల్లగా ఉండేది ఒకటి. మబ్బు పట్టిన రోజైనా అది ఉంటుంది, ఎందుకంటే ఆ సందులోకి ఏ వైపు వెలుగూ దూరదు. రెండోది వేలు ప్యాకెట్ మీద వేసే నీడ. కిటికీ వెలుగులో అది తాకినచోట గట్టిగా మొదలై, వేలు పైకి లేచినకొద్దీ అంచు చెదిరిపోతుంది. Drop Shadow అంతటా ఒకే దూరం, ఒకే మసక ఇస్తుంది. వేలు ఎక్కడ తాకింది, ఎక్కడ లేచింది అన్నది దానికి తెలీదు. అందుకే అతికించినట్టు కనబడుతుంది.

కాబట్టి చెల్లెమ్మా, అదే కొలత తెల్ల పౌచ్ కొని, 250 గ్రాముల బియ్యం పోసి సీలు వేయించి వదినగారి చేతికివ్వండి. కిటికీ పక్కన, ఆరడుగుల దూరం నుంచి, ఫోన్ 2x మీద తియ్యండి. మరీ దగ్గరగా తీస్తే ముందుకొచ్చిన వేళ్ళు లావుగా పడతాయి. తర్వాత మీ డిజైన్‌ని Smart Objectగా పెట్టి పౌచ్ నాలుగు మూలలకీ కలిపి, కింది ఫోటోతో కలిసే తీరు Multiply పెడితే, తెల్ల పౌచ్ మీది ముడతలూ నీడలూ వాటంతటవే డిజైన్ మీదికొస్తాయి. డిజైన్ వేళ్ళ మీద పడకుండా వేళ్ళకి మాస్క్ వెయ్యండి. గోరు అంచు దగ్గర మాస్క్ మరీ కత్తిరించినట్టు వద్దు, ఒకటి రెండు పిక్సెళ్ళు మెత్తగా ఉండనివ్వండి.

పర్లాకిమిడి కొమ్ము పని: మా దువ్వెనలకీ ఇదే చెయ్యొచ్చా బాబూ? కొమ్ముతో చేసినవి, నున్నగా మెరుస్తాయి. మొన్న ఒక కుర్రాడు అట్టముక్క పట్టించి ఫోటో తీసి దువ్వెన అతికించాడు. మెరుపు ఒక పక్క, చేతి మీద వెలుగు ఇంకో పక్క. కొనేవాళ్ళు అడుగుతున్నారు, ఇది ప్లాస్టిక్కా అని.

రాయగడ స్టూడియో: మీ దగ్గర దువ్వెన ఉందిగా, దాన్నే పట్టుకుని తీయించండి. డమ్మీ ఎందుకు? ఇంకా తయారవని వస్తువు కోసం పడే పాట్లు ఇవి. కొమ్ములో వేలి రంగు కూడా కాస్త కనబడుతుంది, దాన్ని అతికించి తేలేం.

గుణుపురం టీచర్: రాయగడ అన్నయ్యా, బియ్యం కుదరదు. కాఫీ పొడి తేలిక. 250 గ్రాముల బియ్యం ఆ పౌచ్‌లో సగానికే వస్తుంది, పైభాగం మడిచిన గోనెలా వాలిపోతుంది. వాళ్ళ దగ్గర పొడే ఉంది కదా, అదే పోస్తే బరువూ నిండుదనమూ రెండూ సరిపోతాయి.

ఇంకో మాట. అతికించేటప్పుడు పౌచ్‌ని కొంచెం పెద్దది చేద్దామనిపిస్తుంది. అరచేతి పక్కన అది 500 గ్రాముల ప్యాకెట్‌లా కనబడితే ఇంటికొచ్చాక తిట్టేది మనల్నే. ప్యాకెట్ ఇంకా ప్రింట్ కాలేదని ఫోటో కిందే రాయండి. వదినగారి ముఖం పడుతుంటే ఎక్కడెక్కడ వాడతారో ముందే చెప్పి అడగండి, ఇంట్లో మనిషేగా అనుకోకండి.

రాయగడ స్టూడియో: బియ్యం మాట నాదే తప్పు అమ్మా. పసుపు పని గుర్తులో రాసేశాను.

బరంపురం డిజైనర్: సరే, డమ్మీ ఒప్పుకుంటా. కానీ తెల్లది వద్దు. తెల్ల పౌచ్ వెలుగుని వెనక్కి కొడుతుంది, వేళ్ళ లోపలి అంచులు తెల్లగా వెలుగుతాయి. దాని మీద మీ ముదురు గోధుమ రంగు వేశాక, నల్లటి వస్తువు పక్కన వేళ్ళకి ఆ వెలుగు ఎక్కడిదీ? ఒక చాక్లెట్ పెట్టె పనిలో నాకు ఇదే జరిగింది. Curvesతో వేళ్ళ అంచుల మీది వెలుగు ఒక్కొక్కచోటా తగ్గించుకుంటూ సాయంత్రమంతా కూర్చున్నా. ఉత్త గోధుమరంగు పౌచ్ బజార్లో దొరుకుతుంది, అది పట్టించి అక్షరాలు మాత్రం వెయ్యండి.

రాయగడ స్టూడియో: నువ్వన్నది నేను గమనించాను, నిజమే. అయితే వాళ్ళ అక్షరాలు ఏ రంగు? ముదురు పౌచ్ మీద లేత అక్షరాలైతే Multiply పనిచెయ్యదు, మాయమైపోతాయి. Normalలో వేస్తే ముడతల నీడ వాటి మీదికి రాదు, అక్షరాలు పైన తేలతాయి. నీడని విడిగా తీసి మళ్ళీ వెయ్యాలి. ముదురు పౌచ్ మీద ఆ నీడ కళ్ళకే సరిగ్గా అందదు, ఇంక తీసేదెలా? నేనైతే తెల్ల పౌచ్‌తోనే తీసి, వేళ్ళ అంచులు దిద్దుకుంటా.

బరంపురం డిజైనర్: మధ్యస్థంగా బూడిద రంగు పౌచ్?

రాయగడ స్టూడియో: దానికి రెండు తిప్పలూ సగం సగం వస్తాయి. ఒకసారి చేసి చూడాలి, నేను చెయ్యలేదు.

జయపురం కాఫీ: అక్షరాలు మీగడ రంగులో ఉన్నాయి అన్నయ్యా, ఒడియాలో ఒక వరస, తెలుగులో ఒక వరస. ఈ పొద్దున తెల్ల పౌచ్‌లో మా పొడి పోసి వదినతో తీశాను, గోధుమరంగు దానితోనూ తీశాను. తెల్లదానిలో బొటనవేలి చుట్టూ ముడతలు మీరన్నట్టే వచ్చాయి. చిటికెన వేలి కింద మాత్రం తెల్ల మెరుపు పడింది, బరంపురం తమ్ముడు చెప్పిందే. గోధుమరంగుదానిలో వేళ్ళు చక్కగా ఉన్నాయి గానీ ముడతలు అసలు కనబడటం లేదు. వదిన రెండోది బాగుందంటోంది. రెండూ ఇక్కడ పెడతాను, ముఖం లేకుండా చెయ్యి వరకే. చూసి చెప్పండి.