అప్‌డేట్: ఇడ్లీ పిండి పేజీకి ఫీచర్డ్ స్నిప్పెట్

నా ప్రశ్న: "ఇడ్లీ పిండి ఎన్ని గంటలు పులియాలి" అని గూగుల్‌లో వెతికేవారికి నా పేజీలోని సమాధానమే పైన పెట్టెలో కనిపించాలంటే పేరాను ఎలా రాయాలి?

అప్‌డేట్: మీరు సూచించినట్లే ఆ ప్రశ్ననే ఉపశీర్షికగా ఉంచి, పప్పు రకాల గురించిన పాత ఉపోద్ఘాతాన్ని కిందికి జరిపి, శీర్షికను ఆనుకునే ఈ పేరాను చేర్చాను:

"ఇడ్లీ పిండి సుమారు 30 డిగ్రీల వేడిలో 8 నుంచి 12 గంటలు పులియాలి. చలికాలంలో ఇంకా ఎక్కువ సమయం పట్టవచ్చు. పిండి పొంగి, బుడగలు కనిపించి, కొద్దిగా పుల్లని వాసన వస్తే సిద్ధమైనట్లే."

మొదటి వాక్యం ‘ఇది’ అని కాక ‘ఇడ్లీ పిండి’ అనే మొదలవుతుంది కనుక, పేరాను పేజీ నుంచి విడదీసి చూపినా అర్థం చెడదు. అయినా పెట్టె రాలేదు. పేజీ సోర్సు తెరిచి చూస్తే థీమ్ చేర్చిన ఈ వరుస కనిపించింది:

```
<meta name="robots" content="max-snippet:50">
```

50 అక్షరాలకు మించి చూపవద్దని గూగుల్‌కు చెప్పే ఈ పరిమితిని తొలగించి, మళ్లీ ఇండెక్స్ చేయమని కోరిన తర్వాతే నా పేరా పైకి వచ్చింది. సెర్చ్ కన్సోల్ దీన్ని విడిగా చూపదు కాబట్టి ఇన్‌కాగ్నిటో విండోలో వెతికి చూసుకుంటున్నాను. ఈ పేజీ ముందే మొదటి పేజీ ఫలితాల్లో ఉంది. రెండో పేజీలో ఉన్న నా దోశల వ్యాసానికి ఇదే పద్ధతి పాటించినా పెట్టె రాలేదు.