√2 + √3 మినిమల్ పాలినామియల్: డిగ్రీ 4 కంటే తగ్గదని ఎలా చూపాలి?

హనుమకొండ, ఎమ్మెస్సీ విద్యార్థి
ఎల్లుండి ఆల్జీబ్రా పేపర్, కొంచెం టెన్షన్‌గా ఉంది. α = √2 + √3 అనుకుని వర్గం చేస్తే α² = 5 + 2√6 వస్తుంది. 5ను ఇటు తెచ్చి మళ్లీ వర్గం చేస్తే (α² − 5)² = 24, అంటే α⁴ − 10α² + 1 = 0. ఇంతవరకు బాగానే ఉంది. కానీ α ఇంకా చిన్న డిగ్రీ సమీకరణానికి మూలం కాదని ఎలా రాయాలి? చివరి పదం 1 కాబట్టి ఐసెన్‌స్టైన్ నేరుగా పనిచేయదు.

మంచిర్యాల, డిగ్రీ ఫైనలియర్
√2 + √3 అకరణీయ సంఖ్య అనుకో, వర్గం చేస్తే √6 కూడా అకరణీయం అవ్వాలి, కానీ కాదు. అయిపోయింది కదా అన్నా?

హనుమకొండ, ఎమ్మెస్సీ విద్యార్థి
దాంతో డిగ్రీ 1 కాదని మాత్రమే తేలుతుంది తమ్మీ. నా సందేహం 2, 3 గురించి.

జమ్మికుంట, సెట్‌కు ప్రిపేర్ అవుతున్నా
సింపుల్. ఈ పాలినామియల్‌కు అకరణీయ మూలం ఉంటే అది 1 గానీ −1 గానీ కావాలి. రెండింటికీ విలువ −8, సున్నా కాదు. కాబట్టి ఇది విడిపోదు.

వరంగల్, పీజీ లెక్చరర్
జమ్మికుంట సార్ చెప్పింది సగమే. మూలం లేకపోతే డిగ్రీ 1 కారణాంకం ఉండదు, దాంతో 1, 3గా విడిపోయే దారి మూసుకుంటుంది. 2, 2గా విడిపోయే దారి ఇంకా తెరిచే ఉంది. x⁴ + 4 చూడండి, దానికి అకరణీయ మూలం ఒక్కటీ లేదు, అయినా (x² + 2x + 2)(x² − 2x + 2) అవుతుంది. పేపర్లు దిద్దేటప్పుడు నాకు ఎక్కువగా కనిపించే తప్పు ఇదే.

టవర్ లాతో వెళ్తే ఈ గొడవ ఉండదు. ముందు Q(√2) డిగ్రీ 2. దాని మీద √3 చేర్చితే మళ్లీ 2 రావాలంటే √3 అప్పటికే Q(√2)లో లేదని చూపాలి. చాలామంది ఈ మెట్టు దాటేసి 2 × 2 = 4 అని రాసేస్తారు. √2, √8 తీసుకుంటే విడివిడిగా ఇద్దరిదీ డిగ్రీ 2నే, కానీ √8 = 2√2 కాబట్టి రెండో మెట్టు డిగ్రీ 1, మొత్తం 2నే.

మన కేసులో √3 = a + b√2 అనుకోండి, a, b అకరణీయ సంఖ్యలు. వర్గం చేస్తే 3 = a² + 2b² + 2ab√2. √2 కరణీయం కాబట్టి ab = 0 కావాలి. b = 0 అయితే √3 అకరణీయం అవుతుంది. a = 0 అయితే 3 = 2b², అంటే √6 = 2|b|, అదీ కుదరదు. కాబట్టి Q(√2, √3) డిగ్రీ 4.

ఇంకొక్క మెట్టు ఉంది. Q(√2, √3)లో ఉన్నంత మాత్రాన α డిగ్రీ 4 కాదు, √6 కూడా అందులోనే ఉంది, దాని డిగ్రీ 2. α ఒక్కటే ఫీల్డ్ మొత్తాన్ని పుట్టిస్తుందని చూపాలి. (√3 + √2)(√3 − √2) = 1 కాబట్టి 1/α = √3 − √2. α, 1/α కూడితే 2√3, తీసివేస్తే 2√2. రెండూ Q(α)లోకి వచ్చేశాయి, అంటే Q(α) డిగ్రీ 4. మినిమల్ పాలినామియల్ మీ x⁴ − 10x² + 1ను భాగించాలి, దాని డిగ్రీ కూడా 4, రెండింటి మొదటి గుణకం 1. అంటే అదే ఇది.

జమ్మికుంట, సెట్‌కు ప్రిపేర్ అవుతున్నా
సరే సార్, 2, 2 సంగతి మర్చిపోయిన. ఏదో ఒక ప్రైమ్ మాడ్యులోలో విడిపోదని చూపినా చాలు కదా?

వరంగల్, పీజీ లెక్చరర్
మామూలుగా చాలు. ఇక్కడ మాత్రం ఏ ప్రైమ్ తీసుకున్నా విడిపోతుంది! మాడ్యులో 3లో (x² + 1)², మాడ్యులో 7లో (x² + x − 1)(x² − x − 1). కారణం: బేసి ప్రైమ్ ఏదైనా 2, 3, 6లలో కనీసం ఒకటి దాని మాడ్యులోలో వర్గమే అవుతుంది. ఆ ఒక్కటి చాలు, రెండు వర్గ కారణాంకాలు దొరుకుతాయి. ఆ పద్ధతిలో ఎంత వెతికినా ఫలితం రాదు.

కరీంనగర్, కోచింగ్ ఫ్యాకల్టీ
మా పిల్లలు √2 + ∛5 అడుగుతున్నారు. 2, 3 కో-ప్రైమ్ కాబట్టి డిగ్రీ 6 అని చెప్పేశాను.

వరంగల్, పీజీ లెక్చరర్
అది Q(√2, ∛5) డిగ్రీ మేడం. మొత్తాన్ని 2, 3 రెండూ భాగించాలి, 6 దాటదు, కాబట్టి 6. కూడిక ఆ ఫీల్డ్ అంతటినీ ఇస్తుందా అన్నది వేరే ప్రశ్న. β = √2 + ∛5 అనుకుని (β − √2)³ = 5 విప్పండి. √2 ఉన్న పదాలన్నీ ఒక వైపు పెడితే β³ + 6β − 5 = √2(3β² + 2). 3β² + 2 ఎప్పుడూ సున్నా కాదు, కాబట్టి భాగించి √2ను β రూపంలో రాయొచ్చు.

కరీంనగర్, కోచింగ్ ఫ్యాకల్టీ
బాగుంది సార్. మరి √2 + √3 + √5కి? అక్కడ 1/α ఉపాయం కనిపించడం లేదు.

హనుమకొండ, ఎమ్మెస్సీ విద్యార్థి
థాంక్స్ సార్. √5 ముందు Q(√2, √3)లో లేదని చూపాలి కదా మేడం, √3కి చేసినట్టే మొదలుపెట్టి చూస్తున్నా. α ఒక్కటే చాలుతుందా అన్నది మాత్రం నాకూ తోచడం లేదు.