‘25 శాతం ఎక్కువ’ లెక్కను తెలుగులో ఎలా రాస్తే తర్కం మారదు?

ఏడో తరగతి గణితం పుస్తకాన్ని తెలుగులోకి తెస్తున్నాను. శాతాల అధ్యాయంలో ఒక లెక్క దగ్గర ఆగిపోయాను, అనుభవం ఉన్నవాళ్లు సాయం చేయండి.

లెక్క ఇది: ‘ఒక తరగతిలో మొత్తం 72 మంది. బాలుర కంటే బాలికలు 25 శాతం ఎక్కువ. ఎవరెంతమంది?’ ఇక్కడ 25 శాతం బాలుర సంఖ్య మీద లెక్కించాలి. కాబట్టి బాలురు 32, బాలికలు 40. కానీ కొందరు పిల్లలు మొత్తం 72లో 25 శాతం, అంటే 18 తేడా అనుకుంటున్నారు. అప్పుడు 27, 45 వస్తాయి. అవీ పూర్ణ సంఖ్యలే కావడంతో తప్పు చేశామని పిల్లలకు అనుమానమే రాదు.

‘బాలుర సంఖ్యలో 25 శాతం మేర బాలికలు ఎక్కువ’ అని రాస్తే సందేహం పోతుంది. అయితే శాతం దేని మీదో పిల్లలే గుర్తించాలన్నది ఈ లెక్క ఉద్దేశం, దాన్ని మనమే చెప్పేసినట్టవుతుంది. పైగా తర్వాతి ప్రశ్న ‘బాలికల కంటే బాలురు ఎంత శాతం తక్కువ?’ జవాబు 20 శాతం. ఆధారం మారిందని పట్టుకోవడమే అందులో అసలు పని.

నా మొగ్గు ‘కంటే’ వాక్యాన్ని అలాగే ఉంచి, ముందు ఒక ఉదాహరణలో ‘కంటే’ ముందున్నదే ఆధారమని చూపించడం వైపు. నిష్పత్తిని కూడా అదే వరుసలో, ‘బాలుర, బాలికల సంఖ్యల నిష్పత్తి 4:5’ అని రాస్తున్నాను.

తరగతిలో ఇలాంటివి చెప్పినవాళ్లు ఏ వాక్యం వాడారు? పిల్లలు ఎక్కడ తడబడ్డారు?