20 అంతస్తుల టవర్ రెండర్: ఏఐ పాస్ తర్వాత బాల్కనీలు, అంతస్తుల లెక్క మారిపోతున్నాయి

సౌమ్య_ఆర్క్
బ్లెండర్‌లో ఒక టవర్ మోడల్ చేశాను. 20 ఫ్లోర్లు, ఒక్కోటి 3 మీటర్లు. బేసి ఫ్లోర్లకి బాల్కనీ కుడివైపు, సరి ఫ్లోర్లకి ఎడమవైపు. 11వది సర్వీస్ ఫ్లోర్, దానికి బాల్కనీయే లేదు. మెటీరియల్స్ లేని క్లే రెండర్‌లో అంతా సరిగ్గా ఉంది. దాన్ని స్టేబుల్ డిఫ్యూజన్ ఎక్స్ఎల్‌లో దూరాన్ని ఛాయల్లో చూపే డెప్త్ మ్యాప్ ఇచ్చి కంట్రోల్‌నెట్‌తో నడిపిస్తే మెటీరియల్స్, వెలుగు అదిరిపోతున్నాయి కానీ ఫ్లోర్లు 19 వస్తున్నాయి. పైగా 11వ ఫ్లోర్‌కి తనే ఒక బాల్కనీ తగిలించేస్తోంది. దీన్ని ఎవరైనా దారికి తెచ్చారా?

పిక్సెల్ పంతులు
ప్రాంప్ట్‌లో ఏం రాస్తున్నారు? "సరిగ్గా 20 అంతస్తులు" అని స్పష్టంగా రాసి, స్టెప్స్ పెంచి చూడండి. నాకు చిన్న బిల్డింగులకి పనిచేసింది.

గీతల గోపి
పంతులు గారూ, మూడు నాలుగు ఫ్లోర్ల దాకా మీరన్నది నిజమే. 20 అంటే ఆ మోడల్‌కి "చాలా" అని తప్ప అంకె అర్థం కాదు. స్టెప్స్ పెంచితే తప్పు బాల్కనీ ఇంకా శుభ్రంగా వస్తుంది, అంతే. లెక్క బొమ్మలోంచి రావాలి, మాటల్లోంచి రాదు.

సౌమ్య గారూ, రెండు విషయాలు చెప్పండి. టవర్ బొమ్మలో ఎన్ని పిక్సెళ్ల ఎత్తు ఉంది? డెప్త్ మ్యాప్ ఎక్కడి నుంచి తీశారు?

సౌమ్య_ఆర్క్
బొమ్మ ఎత్తు 1024, అందులో టవర్ దాదాపు 800. డెప్త్ బ్లెండర్ నుంచే, దూరం పెరిగేకొద్దీ తెల్లబడే Mist Pass తీసుకుని, దగ్గరివి తెల్లగా వచ్చేలా తిరగేశాను. కెమెరా టవర్‌కి 90 మీటర్ల దూరంలో, మనిషి కంటి ఎత్తులో ఉంది. ముందు 15 మీటర్ల దగ్గర చెట్లు, వెనక 400 మీటర్ల దాకా పరిసరాలు.

గీతల గోపి
మీ రెండు ఇబ్బందులూ అక్కడే ఉన్నాయి. మొదటిది డెప్త్. 15 నుంచి 400 వరకు అంటే 385 మీటర్లు. 8 బిట్ బొమ్మలో దాన్ని 256 ఛాయల్లోకి కుక్కుతున్నారు. ఒక్కో ఛాయకి మీటరున్నర. మీ బాల్కనీ గోడ నుంచి ఎంత బయటికి వచ్చింది? మామూలుగా అదీ మీటరున్నరే. అంటే బాల్కనీకీ గోడకీ తేడా ఒకే ఒక్క ఛాయ. కంట్రోల్‌నెట్‌కి మీ టవర్ ఒక నున్నటి పలకలా కనపడుతోంది. దాని మీద బాల్కనీలు తన ఇష్టం వచ్చినట్టు పేరుస్తోంది.

వరల్డ్ సెట్టింగుల్లో Mist Pass కింద Start 85, Depth 40 పెట్టండి. ఫాలాఫ్ Quadratic ఉంటుంది, దాన్ని Linear చేయండి. పై ఫ్లోర్లు కెమెరాకి ఇంకాస్త దూరం, మీ లెక్కన 107 మీటర్ల దాకా వెళ్తాయి కాబట్టి 40 సరిపోతుంది. ఇప్పుడు బాల్కనీకి తొమ్మిది పది ఛాయల తేడా వస్తుంది. ముందున్న చెట్లు మాత్రం తెల్లటి ముద్దలైపోతాయి. వాటిని దాచేసి, తర్వాత వేరే లేయర్‌గా కలుపుకోండి.

రెండోది సైజు. 800లో 20 ఫ్లోర్లంటే ఫ్లోర్‌కి 40 పిక్సెళ్లు. ఆ మోడల్ బొమ్మని లోపల ఎనిమిదో వంతుకి కుదించి పనిచేస్తుంది, అంటే ఫ్లోర్‌కి మిగిలేది 5 గడులు. రెయిలింగ్‌కి రెండు గడులు కూడా రావు. ఇంత ఇరుకులో ఒక ఫ్లోర్ పక్కదాంట్లో కలిసిపోవడం వింతేమీ కాదు.

నైట్‌వ్యూ నాని
బ్రో, నాకూ సేమ్ ప్రాబ్లమ్. యానిమేషన్‌లో కెమెరా కదులుతుంటే దూరపు బాల్కనీల రెయిలింగ్ మిలమిలా ఆడుతోంది. శాంపిల్స్ పెంచినా ఆగట్లేదు.

గీతల గోపి
నాని, నీది వేరే జబ్బు. సన్న ఊచలు పిక్సెల్ కంటే సన్నమైతే అలాగే మెరుస్తాయి. దూరపు ఫ్లోర్లకి ఊచల బదులు సగం పారదర్శకంగా ఉండే పలక పెట్టు. వేరే థ్రెడ్ వేస్తే వివరంగా మాట్లాడుకుందాం.

క్లే కుమారి
డెప్త్ ఒక్కటే చాలదని నా అనుభవం. పక్కన అంచుల్ని గీతలుగా తీసే క్యానీ కూడా పెట్టండి, కానీ పూర్తయిన రెండర్ మీద తీయకండి. నీడల అంచుల్ని కూడా గీతలనుకుని, నీడ పడ్డచోట కొత్త స్లాబ్ వేసేస్తుంది. నీడలు లేని క్లే మీద, లేదా బ్లెండర్ ఫ్రీస్టైల్ గీసిచ్చే గీతల మీద తీయండి. ఇంకోటి, కంట్రోల్ మధ్యలో ఆగిపోకుండా End విలువ 1 దగ్గరే ఉంచండి. ముందే వదిలేస్తే చివరి స్టెప్పుల్లో రెయిలింగులు మళ్లీ అల్లరి చేస్తాయి.

పిక్సెల్ పంతులు
సరే, ప్రాంప్ట్ మాట వెనక్కి తీసుకుంటున్నా. కానీ తనిఖీకి నా దగ్గర ఒక చిట్కా ఉంది. బొమ్మని కాపీ చేసి రెండు ఫ్లోర్ల ఎత్తు, అంటే 80 పిక్సెళ్లు పైకి జరిపి డిఫరెన్స్ మోడ్‌లో పెట్టండి. లయ సరిగ్గా ఉంటే అంతా నల్లబడాలి.

గీతల గోపి
సగం పనిచేస్తుంది. కెమెరా వంచకుండా లెన్స్ షిఫ్ట్‌తో తీసుంటేనే ఫ్లోర్ల ఎడం సమానంగా ఉంటుంది, అదీ గోడ ఎదురుగా ఉంటేనే. ఇక కంటి ఎత్తు నుంచి చూస్తున్నప్పుడు పైకి వెళ్లేకొద్దీ బాల్కనీ స్లాబ్ అడుగు భాగం ఎక్కువ కనపడాలి. కాబట్టి సరైన బొమ్మ కూడా పూర్తిగా నల్లబడదు. అన్ని ఫ్లోర్లకీ అడుగు ఒకేలా కనపడుతోందంటేనే అనుమానించాలి. ఏఐ అతికించిన ఫ్లోర్లు తరచుగా అలాగే దొరికిపోతాయి. పోల్చాల్సింది మీ క్లే రెండర్‌తో. దాని గీతల్ని ఎర్రగా పైన పరిచి చూడండి.

తొందరలో ఉంటే ఇంకో దారి ఉంది. మీ టవర్‌లో 1వ ఫ్లోర్ బాల్కనీ కుడివైపు, 20వది ఎడమవైపు. కింద, పైన రెండూ ఒకే వైపు కనపడితే మధ్యలో ఎక్కడో ఒక ఫ్లోర్ పోయినట్టో, కుడి ఎడమ వరుస తప్పినట్టో లెక్క. రెండు ఫ్లోర్లు పోతే మాత్రం ఈ పరీక్షకి దొరకదు. అందుకని కుడివైపు బాల్కనీలు విడిగా లెక్కపెట్టండి. 11వది లేదు కాబట్టి కుడివైపు 9, ఎడమవైపు 10 రావాలి.

సౌమ్య_ఆర్క్
పాత బొమ్మ చూశాను. కింద కుడి, పైన కూడా కుడే! ఇప్పుడు Mist మార్చి, క్లే మీద తీసిన క్యానీ కలిపి నడిపాను. 20 ఫ్లోర్లు వచ్చాయి, 11వది ఖాళీగానే ఉంది. కానీ 16 పైన రెయిలింగులు ఇంకా కరిగిపోయినట్టు ఉన్నాయి.

గీతల గోపి
అది సైజు సమస్య. ఒకేసారి పూర్తి టవర్ వద్దు. పెద్ద సైజులో రెండర్ చేసి, ఐదేసి ఫ్లోర్ల ముక్కలుగా 1024లో నడపండి. ఫ్లోర్‌కి దాదాపు 200 పిక్సెళ్లు దొరుకుతాయి. బొమ్మని ఎంత మార్చాలో చెప్పే డీనాయిజ్ విలువ 0.3 దాటనివ్వొద్దు. ముక్కకి ఇచ్చే ప్రాంప్ట్‌లో "టవర్" అన్న మాట తీసేయండి, లేకపోతే ప్రతి ముక్కలోనూ ఒక చిన్న టవర్ కట్టడానికి చూస్తుంది. ముక్కలు కాస్త ఒకదానిమీదొకటి ఎక్కేలా ఉండాలి, అతుకు మాత్రం స్లాబ్ గీత మీద పడాలి.

నా మటుకు నేను రెయిలింగుల్ని అసలు ఏఐకి వదలను. ఒక్కో వస్తువుని విడిగా ఎంచుకోనిచ్చే క్రిప్టోమ్యాట్ మాస్క్‌తో ఒరిజినల్ రెండర్ నుంచే తెచ్చి పైన వేసేస్తాను.

క్లే కుమారి
ఇక్కడ నేను ఒప్పుకోను గోపి గారూ. పైన వేసిన రెయిలింగ్ మీద వెలుగు ఒక తీరు, వెనక గోడ మీద మరో తీరు. క్లయింటు కంటికి వెంటనే తెలిసిపోతుంది.

గీతల గోపి
సాయంత్రం వెలుగులో మీరన్నది నిజం. మబ్బు పగలైతే తెలియదు. సూర్యుణ్ని రెండర్‌లో ముందే అదే కోణంలో పెట్టుకుంటే చాలావరకు సర్దుకుంటుంది, గాజు రెయిలింగ్ ప్రతిబింబాలు తప్ప.

సౌమ్య_ఆర్క్
ముక్కల పద్ధతి రాత్రికి చూస్తాను. ఇంకొక్కటి అడగాలి. ఇదే టవర్ వెనక కోణం నుంచి కూడా కావాలట. ఫ్లోర్ల లెక్క ఇలాగే పట్టుకోవచ్చు, కానీ బాల్కనీ సీలింగ్‌కి ముందు బొమ్మలో వచ్చిన చెక్క రంగే రెండోదాంట్లోనూ రావాలంటే?

క్లే కుమారి
ఆ రంగుని మోడల్లోనే మెటీరియల్‌గా పెట్టి మళ్లీ రెండర్ చేయడం తప్ప నాకు వేరే దారి దొరకలేదు. ఎవరికైనా తెలిస్తే నేనూ వింటాను.