ఆఖరి కిస్తీ కట్టాక 30 రోజుల గడువు ఏ తేదీ నుంచి?

శ్రీకాకుళం గృహస్థు:
ఇంటి రుణం ఆఖరి కిస్తీ 2025 జూన్ 10న కట్టాను. ఇంకా 418 రూపాయలు బాకీ ఉందని బ్రాంచిలో జూన్ 27న చెప్పారు, అదీ అదే రోజు కట్టాను. దస్తావేజులు విశాఖలో ఉన్నాయంటూ తిప్పి, చివరికి ఆగస్టు 2న ఇచ్చారు. రుణం తీరాక 30 రోజుల్లో బ్యాంకు దస్తావేజులు తిరిగి ఇవ్వాలి కదా, ఆలస్యానికి పరిహారం అడగాలంటే ఆ గడువును ఏ తేదీ నుంచి లెక్కపెట్టాలి?

పొందూరు వాసి:
మీరు రాతపూర్వకంగా దరఖాస్తు ఇచ్చిన తేదీ నుంచే లెక్క మొదలవుతుంది. దరఖాస్తు ఇవ్వనివారికి గడువు దాటిందని అడిగే హక్కు ఉండదు. గడువు దాటితే మాత్రం బ్యాంకు రోజుకు 5,000 రూపాయలు చెల్లించాలన్నది నిజమే.

విజయనగరం విశ్రాంత ఉద్యోగి:
రోజుకు 5,000 అన్నది సరైనదే గానీ, దరఖాస్తు విషయంలో పై మిత్రులు పొరబడ్డారు. రిజర్వు బ్యాంకు 2023 సెప్టెంబరు 13న ఇచ్చిన ఆదేశంలో గడువును రుణం పూర్తిగా తీరిన నాటి నుంచి లెక్కించమన్నారే తప్ప, ఖాతాదారు అర్జీ పెట్టిన నాటి నుంచి అనలేదు. 2023 డిసెంబరు 1న గానీ ఆ తర్వాత గానీ పత్రాలు తిరిగి ఇవ్వవలసి వచ్చిన రుణాలన్నిటికీ అది వర్తిస్తుంది కనుక మీ రుణమూ అందులోకి వస్తుంది. అయినా అర్జీ ఇచ్చి, రెండో ప్రతిపై తేదీతో బ్రాంచి ముద్ర వేయించుకోవడం మంచిది, ఎందుకంటే రేపు మీరు అడగనే లేదని అంటే చూపడానికి ఆ కాగితమే మిగులుతుంది.

ఇక మీ ప్రశ్నలోని అసలు చిక్కు ఆ 418 రూపాయలే. జూన్ 10 నుంచి లెక్కిస్తే గడువు జూలై 10తో ముగుస్తుంది, ఆగస్టు 2 వరకు 23 రోజులు, అంటే 1,15,000 రూపాయలు. జూన్ 27 నుంచి అయితే గడువు జూలై 27 దాకా ఉంటుంది, ఆలస్యం 6 రోజులు, పరిహారం 30,000 మాత్రమే. వడ్డీ రేటు మధ్యలో మారిన రుణాల్లో చివరి కిస్తీ తర్వాత ఇలా కొద్ది మొత్తం మిగలడం నేను పనిచేసిన రోజుల్లో తరచుగా చూశాను. రుణ ఖాతా పూర్తి స్టేట్‌మెంటు తీసుకుని, ఆ 418 ఏ తేదీన, ఏ పద్దు కింద పడిందో చూడండి.

బ్యాంకు ఉద్యోగి:
బాకీ ఒక్క రూపాయి ఉన్నా ఖాతా తీరినట్టు కాదు. కనుక జూన్ 27 తప్ప మరో తేదీ చెల్లదని నా అభిప్రాయం.

విజయనగరం విశ్రాంత ఉద్యోగి:
ఖాతాదారు తనంతట తాను లెక్కవేసుకుని కట్టి ఉంటే మీ మాట ఒప్పుకుంటాను. కానీ ఇంత కడితే ఖాతా ముగుస్తుందని బ్రాంచివారే రాసి ఇచ్చి, ఆ మొత్తాన్ని ఆయన ఆ రోజే కట్టి ఉంటే, లెక్కలో జరిగిన పొరపాటుకు ఆయన 17 రోజులు నష్టపోవడం న్యాయం కాదు. అలాంటి కాగితం ఏమైనా ఉందా?

శ్రీకాకుళం గృహస్థు:
చిన్న చీటీ మీద పెన్నుతో మొత్తం రాసి ఇచ్చారు. తేదీ ఉంది కానీ సంతకం, ముద్ర లేవు.

నరసన్నపేట రైతు:
పంట రుణం తీర్చి మూడు నెలలైనా మా పట్టాదారు పాసుపుస్తకం ఇవ్వలేదు. నాకూ రోజుకు 5,000 వస్తుందా?

విజయనగరం విశ్రాంత ఉద్యోగి:
రైతు గారూ, ఆ ఆదేశం వ్యక్తులకు ఇచ్చే గృహ, విద్యా, వినియోగ రుణాల వంటి వాటికి సంబంధించినది, పంట రుణం అందులోకి రాదు. అయితే సేవాలోపంగా బ్యాంకుకు లిఖితపూర్వక ఫిర్యాదు ఇవ్వడానికి అడ్డేమీ లేదు.

గృహస్థు గారూ, ఆ చీటీ బలహీనమైన ఆధారమే అయినా పారేయకండి. దానిమీది అంకె, జూన్ 10న కట్టిన రశీదులోని అంకె సరిగ్గా ఒకటే అయితే దానికి విలువ వస్తుంది. ముందు బ్యాంకుకు ఫిర్యాదు రాయండి, 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు తృప్తినివ్వకపోయినా cms.rbi.org.in లో రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు పంపవచ్చు. జూన్ 10 నుంచి 23 రోజులు అడిగి, అది ఒప్పకపోతే కనీసం 6 రోజులైనా ఇవ్వాలని అదే అర్జీలో రాయండి. ఏ తేదీని అంగీకరిస్తారో నేను ముందే చెప్పలేను.

మరొక్క మాట. దస్తావేజులు చేతికి వచ్చినంత మాత్రాన పని పూర్తి కాదు. ఆ 30 రోజుల్లోనే తనఖా నమోదును తొలగించే బాధ్యత కూడా బ్యాంకుదే. మీ తనఖా సబ్‌రిజిస్ట్రారు కార్యాలయంలో నమోదై ఉంటే, విడుదల పత్రం కూడా నమోదైందో లేదో ఆస్తిపై నమోదైన లావాదేవీలను చూపే ఈసీని కొత్తగా తీసి చూడండి.

శ్రీకాకుళం గృహస్థు:
ఈరోజే ఈసీ తీశాను. తనఖా నమోదు ఉంది, విడుదల మాత్రం ఎక్కడా కనబడలేదు. రుణం ఇచ్చినప్పుడు బ్యాంకువారు రాసిన జాబితాలోని పాత యజమానుల నాటి లింకు దస్తావేజుల్లో ఒకటి తక్కువగా వచ్చింది. అన్నీ ముట్టాయని నేను సంతకం చేసేశాను.

పొందూరు వాసి:
ఆ సంతకం సంగతి ముందు రాయండి గారూ. అర్జీలో దాన్నే మొదటి అంశంగా పెట్టి, లేని దస్తావేజు తేదీ, నంబరు జాబితాలో ఉన్నట్టే ఎత్తి రాసి, జాబితా నకలు జతచేయండి.