‘సమగ్ర పరిశీలన’లో సమగ్రం ఎంత?

నిమ్మళం:
నమస్కారం అందరికీ. ఎం.ఏ. తెలుగు రెండో ఏడు. డిజర్టేషన్‌కి ‘శ్రీపాద సుబ్రహ్మణ్యశాస్త్రి కథలు – సమగ్ర పరిశీలన’ అని శీర్షిక రాసిస్తే మా గైడ్ గారు ‘సమగ్ర’ అన్న మాట చుట్టూ పెన్సిల్‌తో సున్నా చుట్టి, ‘ప్రశ్న ఏది?’ అని పక్కన రాసి వెనక్కిచ్చారు. చేతిలో ఉన్నది నాలుగు నెలలు, డెబ్బై పేజీలు. ‘సమగ్ర’ తీసేసి ‘ఒక పరిశీలన’ అంటే సరిపోతుందా? ‘అనుశీలన’ అంటే బరువుగా ఉంటుందని మా సీనియర్ అంటోంది. ఈ మాటల్లో తేడా ఏమిటి?

వీధరుగు:
అమ్మాయ్, ‘వడ్ల గింజలు’ తీసుకో. అంతకు మించిన కథ లేదు. చదరంగం ఎత్తులు చదువుతుంటే ఊపిరి ఆగిపోతుంది.

నిమ్మళం:
ఏ కథ గొప్పదని కాదండీ, శీర్షిక గురించి అడిగాను.

వీధరుగు:
సరే, సరే. అయినా అదే తీసుకో.

అరసున్న:
అమ్మా, పరిశీలన, అనుశీలన, అధ్యయనం... నిఘంటువులో వీటికి తేడాలు వెతకొచ్చు గాని, శీర్షిక చివర చేరాక మూడూ ఒకటే అయిపోతాయి. డిజర్టేషన్ అంటేనే పరిశీలన కదా, మళ్లీ అట్టమీద ఆ ముక్క ఎందుకు? సంచి మీద ‘సంచి’ అని రాసినట్టు. ‘ఒక’ ఇంకా అన్యాయం. రెండోది ఎక్కడుందని అడగాలనిపిస్తుంది. ‘సమగ్ర’ సంగతి వేరు. అది మాట ఇచ్చేస్తుంది. ఆ మాట శీర్షికలో ఉందంటే, పరీక్షకుడు మీరు వదిలేసిన ఒక్క కథ పేరు చెప్పి ‘ఇది ఎందుకు లేదు?’ అంటే మీ దగ్గర జవాబుండదు. డెబ్బై పేజీల్లో ఆయన కథలన్నిటికీ తలా ఒక పేజీ వస్తుందేమో. అందులో కథాసంగ్రహానికే ముప్పావు పేజీ పోతుంది.

శీర్షిక తర్వాత. శ్రీపాదలో మీకు పట్టు దొరికింది ఎక్కడ? ఒక్క కథ, ఒక్క చోటు చెప్పండి.

నిమ్మళం:
‘అరికాళ్లకింద మంటలు’ అండీ. ఆ ఇంట్లో అందరూ రుక్మిణిని పిలిచేవాళ్లే. తలా ఒక పని. చదువుతుంటే నాకే కాళ్లు నొప్పిపుట్టాయి. ఆఖర్న రాత్రివేళ ఇల్లు దాటి జట్కా ఎక్కి, రాజమండ్రిలో వీరేశలింగం పంతులుగారి తోటకి బయల్దేరడం... ఆ బండివాడితో మాట్లాడే రుక్మిణి వేరే మనిషిలా అనిపించింది. అందుకే ‘శ్రీపాద కథల్లో స్త్రీ’ అని పెడదామనుకున్నా.

కోటిపల్లి రేవు:
ఆయన బలమంతా గోదావరి మాండలికం కదండీ. ‘శ్రీపాద కథల్లో గోదావరి మాండలికం’ అని పెట్టేయండి, పదాల పట్టిక తయారుచేస్తే సగం పని అయినట్టే. మాది ఆ ప్రాంతమే, ఆ నుడికారం వింటే మా అమ్మమ్మే మాట్లాడినట్టుంటుంది.

అరసున్న:
రేవుగారూ, భాష దగ్గర పట్టుకోమనడం బాగుంది, మాండలికం అనే పేరే ఇబ్బంది. ఆ కథల్లో ఎక్కువగా వినిపించేది గోదావరి జిల్లాల బ్రాహ్మణ ఇళ్ల మాట. అదే జిల్లాలో పొలం గట్టు మీది మాట అది కాదు. ‘గులాబీ అత్తరు’లో అత్తరు తెచ్చినవాడు మాట్లాడేదీ అది కాదు. మీ అమ్మమ్మగారిది కావచ్చు, జిల్లా మొత్తానిది మాత్రం కాదు. పైగా పట్టిక వేశాక ‘అయితే ఏమిటి?’ అంటే ఏం చెబుతాం?

నిమ్మళం గారూ, మీ పట్టు ‘స్త్రీ’లో లేదు. ‘స్త్రీ’ అంటే ఆయన కథల్లో సగం వచ్చి పడుతుంది. మీరు చెప్పినది మాటల గురించి. ఇంట్లో అందరూ పిలుస్తారు, ఈమె పలుకుతుంది. బయట ఈమే మాట తీస్తుంది. అవునా? అయితే దాన్ని అడగండి: రుక్మిణి ఎప్పుడు జవాబుగా మాట్లాడుతోంది, ఎప్పుడు తనంతట తాను మాట ఎత్తుతోంది?

నిమ్మళం:
అదే అండీ! ‘శ్రీపాద కథల్లో స్త్రీ స్వరం ఎలా ఎదిగింది?’ అని రాయనా?

అరసున్న:
‘ఎదిగింది’ అనగానే జవాబు ముందే చెప్పేశారు. ఎదగలేదని తేలే వీలు ప్రశ్నలో ఉండాలి. ఇంట్లో కూడా ఆమె ఎదురు మాట్లాడిన చోట్లు ఎన్నో ఉన్నాయని తేలితే మీ ఊహ పడిపోతుంది. పడిపోనీండి, అదీ ఫలితమే.

ఒక పని చేయండి. కథ జిరాక్స్ తీసి, రుక్మిణి మాట వచ్చిన ప్రతిచోటా అంకె వేయండి. ఒక్కో దానికి మూడే సంగతులు రాసుకోండి: మాట ఎవరు ఎత్తారు, అది ఆజ్ఞా ప్రశ్నా బతిమాలుకోవడమా, వింటున్నది ఎవరు. చిక్కు ఒకటి వస్తుంది. శ్రీపాదవారు చాలాచోట్ల ‘అన్నాడు, అన్నది’ లేకుండా సంభాషణ పరిగెత్తిస్తారు. ఏ మాట ఎవరిదో సంబోధనని బట్టీ, వరసని బట్టీ మనమే పోల్చుకోవాలి. పోల్చుకోలేని వాటిని బలవంతాన రుక్మిణి ఖాతాలో వేయకండి, విడిగా పెట్టండి. అవి ఎన్నో తేలితే మీ లెక్క మీద ఎంత భరోసా పెట్టుకోవచ్చో తెలుస్తుంది.

పుస్తకాల అటక:
మధ్యలో నా గోడు. నేను పీహెచ్‌డీకి ‘ఫలానా రచయిత కథల్లో సామాజిక చైతన్యం’ అని రిజిస్టర్ చేయించుకున్నా. రెండేళ్లు చదివాక తేలిందేమిటంటే, ఆ కథల్లో ఉత్తరాలు ఎవరు ఎవరికి రాస్తున్నారన్నదే నా అసలు విషయం. శీర్షిక మార్పుకి అర్జీ పెడితే కమిటీ కూర్చోవడానికే ఎనిమిది నెలలు. మార్చలేక, ఉత్తరాల అధ్యాయాలన్నిటికీ ‘చైతన్యం’ తోక తగిలించి సమర్పించాను. వైవాలో మొదటి ప్రశ్న: ‘చైతన్యానికీ పోస్టుకార్డుకీ సంబంధం ఏమిటి?’ కాబట్టి ముందు ఒక కథ మీద లెక్క చేసి చూశాకే శీర్షిక ఇవ్వమ్మా.

నిమ్మళం:
అయ్యో. సరేనండీ, ఆదివారం కూర్చుంటా. ఒక్క కథతో డెబ్బై పేజీలు వస్తాయా అని భయం.

అరసున్న:
పోలిక కావాలి, కాని పదిహేను వద్దు. పుట్టింట్లో వితంతువుగా ఉన్న రుక్మిణి పక్కన, దాంపత్యం మీద నడిచే కథ ఒకటి పెట్టండి. ‘పుల్లంపేట జరీచీర’ బాగుంటుంది. మాట ఎత్తే హక్కు ఇల్లు దాటితేనే వస్తోందా, లేక వినేది ఎవరన్నదాన్ని బట్టి వస్తోందా అన్నది అప్పుడు తేలుతుంది. మూడోది మీ ఇష్టం. ఎందుకు ఎంచుకున్నారో మాత్రం ఒక పేరా రాయాలి. ‘నాకు నచ్చింది’ అంటే కుదరదు.

నిమ్మళం (బుధవారం):
లెక్క వేశానండీ. పోల్చుకోలేనివి అనుకున్నదాని కన్నా ఎక్కువే వచ్చాయి, మళ్లీ చదువుతున్నా. ప్రశ్న ఇలా రాశాను: ‘శ్రీపాద ఎంపిక చేసిన మూడు కథల్లో స్త్రీ పాత్రలు తామే మాట ఎత్తే సందర్భాలు, వినేవారు ఇంటివారా బయటివారా అన్నదాన్ని బట్టి మారుతున్నాయా? మారితే ఏ తీరున?’ శీర్షిక: ‘మాట ఎత్తేదెవరు: శ్రీపాద మూడు కథల్లో స్త్రీల సంభాషణ’.

కోటిపల్లి రేవు:
‘ఎంపిక చేసిన’ తీసేయండి. శ్రీపాదవారే ఎంపిక చేసినట్టుంది!

అరసున్న:
రేవుగారు పట్టారు. ‘మూడు కథల్లో’ చాలు. శీర్షికకి కాలపరిమితి అక్కర్లేదు, కథల పేర్లు సినాప్సిస్ మొదటి పేరాలో ఉంటే సరి. నాకు అనుమానం ‘సంభాషణ’ మీదే. సంభాషణ అంటే ఇద్దరిదీ. మీరు లెక్కపెడుతున్నది ఒకరి మాట. ‘స్త్రీల మాట’ అంటే?

పుస్తకాల అటక:
‘స్త్రీల మాట’ అంటే సామెతల పుస్తకం అనుకుంటారు. పైగా మాట ఎవరు ఎత్తారో చూడాలంటే రెండోవాళ్ల మాటా లెక్కలోకి వచ్చినట్టే కదా. సంభాషణే ఉంచండి.

అరసున్న:
అదీ నిజమే. కాని నాకింకా మింగుడుపడలేదు.

వీధరుగు:
మూడో కథ ఇంకా ఖాళీయే కదా... ‘వడ్ల గింజలు’?

నిమ్మళం:
బాబాయ్ గారూ, అందులో నాకు లెక్కపెట్టడానికి ఆడవాళ్ల మాటలు కావాలండీ!