తలకిందుల త్రిభుజాల లెక్క ప్రతిసారీ మారిపోతోంది, హెల్ప్ చేయండి

ఒక పెద్ద సమబాహు త్రిభుజం, ఒక్కో భుజాన్ని 5 సమాన భాగాలు చేసి మూడు వైపులకీ సమాంతరంగా గీతలు గీశారు, మొత్తం త్రిభుజాలు ఎన్ని అని ప్రశ్న. ఆన్సర్ 48 అని ఇచ్చారు.

నిటారుగా ఉన్నవి బాగానే వచ్చాయి. సైజు వారీగా విడదీసి, ఒక్కోదాన్ని దాని పై కొన బిందువుతో గుర్తుపెట్టుకున్నా. సైజు 1వి 15, తర్వాత 10, 6, 3, 1, మొత్తం 35. ఒక త్రిభుజానికి పై కొన ఒక్కటే కాబట్టి రెండుసార్లు లెక్కపెట్టే ఛాన్సే లేదు, ఆ పద్ధతి నాకు చాలా నచ్చింది.

తలకిందులవాటికి కింది కొన పట్టుకుని చూశా, సైజు 1వి 10 వచ్చాయి, అంటే మిగతా 3 సైజు 2వే అయ్యుండాలి, కానీ నాకు ఒకసారి 2 ఒకసారి 4 వస్తున్నాయి, కొన్ని బిందువుల దగ్గర త్రిభుజం పై అంచు బొమ్మ బయటికి పోతోంది, అది కంటితో సరిగ్గా తెలియట్లేదు. రంగులు వేసి చూసినా గీతలు కలిసిపోయి ఇంకా గందరగోళం.

బొమ్మ గీసి చూడకుండా, ఒక బిందువు సైజు 2 తలకిందుల త్రిభుజానికి కింది కొన అవుతుందో లేదో అది ఏ వరుసలో ఎన్నోదో చూసి ఎలా చెప్పొచ్చు?